ఒకే పీపీటీలో రెండు అంకెలు

ఈ రోజుల్లో ఏ సమావేశం జరిగినా గోడ మీద పీపీటీ పడాల్సిందే. నీటి సంఘం మీటింగైనా, మండల సర్వసభ్య సమావేశమైనా, కాలేజీలో సెమినారైనా ఇదే వరస. ఇరవయ్యో ముప్పయ్యో స్లైడ్లు గబగబా తిరిగిపోతాయి, లైట్లు వేస్తారు, అందరూ టీ తాగడానికి లేస్తారు. అప్పుడు ఎవరో ఒకరి మీద పని పడుతుంది. ‘ఇదంతా ఒక పేజీలో రాసివ్వండి, పై ఆఫీసుకు పంపాలి’ అంటారు. ఈ ప్రసంగం ఆ ఒక్క మనిషి కోసం. పేజీ రాయడానికి ముందు ఆ మనిషి చేయాల్సిన పరిశీలన గురించి మాట్లాడుకుందాం. పీపీటీలో ఒక స్లైడ్‌లో ఒక అంకె, ఇంకో స్లైడ్‌లో ఇంకో అంకె కనిపిస్తాయి. తేదీలు కలవవు, పేర్లు కలవవు. వెంటనే మనకు తోచేది ఏమిటి? వీటిలో ఒకటి తప్పు, ఏది తప్పో తేల్చాలి అనుకుంటాం. నేను చెప్పదలచింది వేరు. చాలాసార్లు రెండూ ఒప్పే. రెండు అంకెలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఆ ప్రశ్నలేమిటో కనుక్కోకుండా ఒక అంకెను ఉంచి రెండోదాన్ని కొట్టేస్తే, ఒప్పుగా ఉన్నదాన్ని తప్పు చేసినవాళ్లమవుతాం.

మన నందికొట్కూరుకు దగ్గరి విషయమే తీసుకుందాం. శ్రీశైలం జలాశయం కుడి వైపు నుంచి నీళ్లు ఎలా వస్తాయి, ఎటు పోతాయి అని ఎవరో ఒక పీపీటీ తయారు చేశారనుకోండి. పీపీటీ ఊహించుకున్నదే కానీ, అందులోని అంకెలు మాత్రం నిజమైనవి, మనం రోజూ పేపర్లో చూసేవే. రెండో స్లైడ్‌లో శ్రీశైలం నీటి నిల్వ సామర్థ్యం 263 టీఎంసీలు అని ఉంది. తొమ్మిదో స్లైడ్‌లో 215 అని ఉంది. చివర్లో ఒక పాత పటం అతికించారు, దాని కింద చిన్న అక్షరాల్లో 308 అని ఉంది. మూడు చోట్లా పూర్తి నీటిమట్టం మాత్రం 885 అడుగులే. ఇప్పుడు మూడింట్లో ఏది తప్పు? ఏదీ కాదు. డ్యాం కట్టిన కాలంలో 885 అడుగుల దగ్గర 308 టీఎంసీలు పట్టేది. ఏటా వరదతో పాటు మట్టి కొట్టుకొచ్చి అడుగున చేరింది. తర్వాత సర్వే చేసినప్పుడు 263 టీఎంసీలే పడుతుందని తేలింది. ఆ తర్వాతి సర్వేలో అది 215.81కి దిగింది. గోడ ఎత్తు మారలేదు, మట్టం మారలేదు, లోపల పూడిక పెరిగింది. అంటే మూడు అంకెలూ ఒకే జలాశయానివి, కానీ మూడు కాలాలవి. మళ్లీ చెబుతున్నాను. జలాశయం ఒకటే, కాలాలు మూడు.

ఇదేమంత పెద్ద తేడా అనుకుంటారేమో. సారాంశం రాసేటప్పుడు ఏమవుతుందో చూడండి. ఒక రోజు జలాశయంలో 160 టీఎంసీల నీళ్లు ఉన్నాయనుకుందాం. 215తో భాగిస్తే నూటికి 74 వంతులు నిండినట్టు. 263తో భాగిస్తే 61 వంతులే. పీపీటీలో నిల్వ ఒక స్లైడ్‌లో ఉంటుంది, సామర్థ్యం ఇంకో స్లైడ్‌లో ఉంటుంది. రాసేవాడు రెండింటినీ కలిపి ‘జలాశయం 61 శాతం నిండింది’ అని ఒక వాక్యం రాస్తాడు. ఆ వాక్యంలో 263 కనిపించదు, 160 కనిపించదు. చదివేవాడికి అనుమానం రావడానికి ఆధారమే ఉండదు. పీపీటీలో అంకెలు కలవకపోతే కనీసం పక్కపక్కన పెట్టి చూసినవాడు పట్టుకుంటాడు. సారాంశంలోకి వచ్చాక ఆ అతుకు చెరిగిపోతుంది. అందుకే పరిశీలన రాసే ముందే జరగాలి. రాశాక చూద్దాంలే అంటే, చూడటానికి అక్కడ మిగిలేదేమీ ఉండదు.

ఇప్పుడు పోతిరెడ్డిపాడు దగ్గరికి వద్దాం. ఇది శ్రీశైలం నీళ్లు మన వైపు కాలువలోకి తిరిగే హెడ్ రెగ్యులేటర్. దాని సామర్థ్యం గురించి ఒక స్లైడ్ 11 వేల క్యూసెక్కులంటుంది, ఇంకోటి 44 వేలంటుంది, మూడోది 80 వేలంటుంది. మొదటిది పాత సామర్థ్యం. రెండోది 2005లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పెంచినది. మూడోది 2020 మే 5న వచ్చిన 203వ నంబరు జీవోలో ప్రతిపాదించినది. సంగమేశ్వరం దగ్గర నుంచి రోజుకు 3 టీఎంసీలు ఎత్తిపోసే రాయలసీమ ఎత్తిపోతల పథకంతో కలిపి వచ్చిన ఉత్తర్వు అది. ఆ ఏడాది అక్టోబరులో, పర్యావరణ అనుమతి లేకుండా పథకం ముందుకు పోరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. కాబట్టి 11 వేలు ‘ఉండేది’, 44 వేలు ‘ఉంది’, 80 వేలు ‘చేయాలన్నారు’. తేడా అంతా ఆ క్రియల్లో ఉంది. కానీ స్లైడ్‌లో క్రియలుండవు. ‘సామర్థ్యం: 80,000 క్యూసెక్కులు’ అని చుక్క పెట్టి వదిలేస్తారు. పైగా మన తెలుగులో క్రియ లేకుండానే వాక్యం నిలబడుతుంది. ‘పోతిరెడ్డిపాడు సామర్థ్యం 80 వేల క్యూసెక్కులు’ అని రాస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది, చదివేవాడికి అనుమానం రాదు, అర్థం మాత్రం పూర్తిగా మారిపోతుంది. అందుకని పీపీటీలో ప్రతి అంకె పక్కనా పెన్సిల్‌తో ఒక క్రియ రాసుకోవాలంటాను. ఉండేదా, ఉందా, ఉండబోతుందా? ఏ క్రియ రాయాలో మీకు తోచలేదంటే, ఆ అంకె సంగతి మీకింకా తెలియదన్నమాట.

ఆ 44 వేలకు కూడా ఒక షరతు ఉంది. జలాశయం నిండుగా ఉంటేనే అంత నీరు వస్తుంది. మట్టం 854 అడుగుల దగ్గరికి దిగితే అందులో చాలా కొద్ది భాగమే వస్తుంది. తూము ఎంత వెడల్పున్నా, దాని మీద నీళ్ల ఎత్తు లేకపోతే పారదు. కాబట్టి ‘44 వేలు’ అన్న స్లైడ్, ‘ఈ నెల సగటున 7 వేలు’ అన్న స్లైడ్ కొట్లాడుకోవడం లేదు. ఒకటి పట్టగలిగినంత చెబుతోంది, రెండోది పట్టినంత చెబుతోంది.

ఇక కొలతలు. ఒక స్లైడ్ క్యూసెక్కుల్లో మాట్లాడుతుంది, ఇంకోటి టీఎంసీల్లో. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది పారే వేగం. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, అది చేరిన మొత్తం. ఒక రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే పీపీటీలో సగం అనుమానాలు తేలిపోతాయి. జీవో సంగతే చూడండి. 44 వేల నుంచి 80 వేలకు, అంటే పెరిగేది 36 వేలు. ఇంకో స్లైడ్‌లో ‘రోజుకు 3 టీఎంసీలు’ అని ఉంది. మూడింటిని 11,574తో హెచ్చవేస్తే 34,700 పైచిలుకు. 36 వేలకూ దానికీ పన్నెండు వందల చిల్లర తేడా. ఇది గుండ్రం చేయడంలో వచ్చే తేడాకు దగ్గరగా ఉంది, రెండు స్లైడ్లూ ఒకే పని గురించి మాట్లాడుతున్నాయని నమ్మవచ్చు. ఇలా మార్చి చూసినప్పుడు మూడింతలో పదింతలో తేడా వచ్చిందనుకోండి, అప్పుడు ఆగాలి. ఎవరో రోజు లెక్కను నెల లెక్క చేశారు, లేదా సున్నా జారవిడిచారు. గుండ్రం చేయడం వేరు, జారడం వేరు. రెండింటినీ విడదీసేది మీ అభిప్రాయం కాదు, ఆ చిన్న హెచ్చవేత.

తేదీల దగ్గర మోసపోవడం ఇంకా తేలిక. ‘2024–25లో ఇన్ని టీఎంసీలు వాడుకున్నాం’ అని ఉంటుంది. ఏ 2024–25? ఖర్చుల పట్టికలో అది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. కృష్ణా నీళ్ల లెక్కలో అది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. రెవెన్యూ వాళ్ల అడంగల్‌లో అది ఫసలీ 1434, జూలై నుంచి జూన్ దాకా. వరద నెలలు మూడింట్లోనూ పడతాయి కాబట్టి మొత్తాలు దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ మే నెలలో తాగునీటికి వదిలిన నీళ్లు ఒక లెక్కలో పాత సంవత్సరంలో ఉంటాయి, ఇంకో లెక్కలో కొత్త సంవత్సరంలో ఉంటాయి. ‘వాడుకున్న ప్రతి టీఎంసీకి ఇంత ఖర్చయింది’ అని సారాంశంలో రాశారంటే, ఒక ఏడాది ఖర్చును ఇంకో ఏడాది నీళ్లతో భాగించినట్టే. స్లైడ్ అడుగున ఉండే తేదీని కూడా నమ్మకండి. పవర్‌పాయింట్‌లో ఆ తేదీ తనంతట తాను మారేలా పెట్టుకునే వీలుంది. అలా పెట్టిన ఫైలును మీరు ఏ రోజు తెరిస్తే ఆ రోజు తేదీ చూపిస్తుంది. నాలుగేళ్ల నాటి అంకెల కింద ఈ రోజు తేదీ మెరుస్తూ ఉంటుంది. అది అంకె పుట్టిన రోజు కాదు, మీరు ఫైలు తెరిచిన రోజు.

తేదీతో పాటే హద్దు కూడా మారుతుందని మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. నందికొట్కూరు అటు వెళ్లింది, పోతిరెడ్డిపాడు కూడా అటే. ‘కర్నూలు జిల్లా’ అన్న మాట ఆ తేదీకి ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 40 లక్షలు దాటారంటే అందులో మనమూ ఉన్నాం. పీపీటీలో ఆయకట్టు అంకె కొత్త కర్నూలు జిల్లాది, జనాభా అంకె పాత కర్నూలు జిల్లాది అయితే, తలకు ఎంత భూమికి నీళ్లు అందాయన్న లెక్క అర్థం లేనిదవుతుంది. రెండు స్లైడ్ల మీదా రాసింది ఒకే పేరు. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం, నా లెక్కలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అంకెలు కలవకపోతే కంటికి కనిపిస్తుంది. పేర్లు కలవకపోతే కనిపించదు. పోతిరెడ్డిపాడు నుంచి బనకచర్ల దాకా వచ్చేది శ్రీశైలం కుడి ప్రధాన కాలువ, ఎస్‌ఆర్‌ఎంసీ అంటారు. బనకచర్ల దగ్గర నీళ్లు చీలి తెలుగుగంగకు కొంత, కేసీ కాలువకు కొంత, శ్రీశైలం కుడి బ్రాంచి కాలువకు కొంత పోతాయి. ఈ చివరిదాన్ని ఎస్‌ఆర్‌బీసీ అంటారు. ఎస్‌ఆర్‌ఎంసీ, ఎస్‌ఆర్‌బీసీ. తేడా ఒక్క అక్షరం. ఒకటి అందరి నీళ్లూ మోసే కాలువ, రెండోది అందులో ఒక వాటా. ఒక స్లైడ్‌లో ‘పోతిరెడ్డిపాడు నుంచి విడుదల’ అని ఒక మొత్తం ఉంటుంది, తర్వాతి స్లైడ్‌లో తెలుగుగంగకు ఇంత, కేసీకి ఇంత, ఎస్‌ఆర్‌బీసీకి ఇంత అని ఉంటుంది. తెలియనివాడు అన్నీ కూడేస్తాడు. అవే నీళ్లను పైన ఒకసారి, కింద ఒకసారి లెక్కపెట్టినట్టు. మన ప్రాంతానికి రెట్టింపు నీళ్లు వచ్చినట్టు సారాంశం తయారవుతుంది. ఇది వట్టి పొరపాటుగా పోదు. పంపకాల మీద రెండు రాష్ట్రాల మధ్య తగవు నడుస్తున్నప్పుడు అలాంటి వాక్యం మనకే ఎదురు తిరుగుతుంది.

కేసీ కాలువదీ అదే కథ. దానికి తుంగభద్ర మీద సుంకేసుల నుంచి నీళ్లు వస్తాయి, శ్రీశైలం వైపు నుంచీ వస్తాయి. ‘కేసీ కాలువకు వచ్చిన నీరు’ అని రెండు స్లైడ్లలో రెండు అంకెలుంటే, ఒకటి సుంకేసులది మాత్రమే, రెండోది రెండూ కలిపినది అయ్యుండవచ్చు. ‘ఆయకట్టు’ అన్న మాటా అంతే. కొత్తగా నీళ్లు పారే భూమి ఒకటి, ఇదివరకే ఉన్న ఆయకట్టును స్థిరీకరించడం ఒకటి. రెండింటినీ కలిపి లక్షల ఎకరాలకు కొత్తగా నీళ్లు అని రాస్తే, ఏళ్లుగా అదే కాలువ కింద వరి నాటుతున్న రైతు నవ్వుకుంటాడు.

మరి ఇవన్నీ పట్టుకునేదెలా? స్లైడ్ల వరసలో చదువుతూ పోతే దొరకవు. స్లైడ్ల వరస చెప్పేవాడి సౌకర్యం కోసం ఉంటుంది. దాన్ని పగలగొట్టాలి. ఒక కాగితం తీసుకోండి. ప్రతి అంకెనూ అది ఏ వస్తువుదో ఆ వస్తువు పేరు కింద రాయండి, స్లైడ్ నంబరు కింద కాదు. శ్రీశైలం సామర్థ్యం కింద మూడు అంకెలు ఒకచోట పడతాయి, పోతిరెడ్డిపాడు కింద మూడు పడతాయి. స్లైడ్లలో దూరదూరంగా ఉన్నప్పుడు కనిపించని తేడా, ఒకే గీత కింద పడగానే కనిపిస్తుంది. ప్రతి అంకె పక్కనా ఏ కొలత, ఏ కాలం, ఏ హద్దు, ఎవరు చెప్పారు అని రాయండి. నాలుగు మాటలే. ఏ గడి ఖాళీగా ఉంటే ప్రశ్న అక్కడ ఉన్నట్టు. ప్రింటు తీసిన కాగితం మీద కాకుండా ఫైలులో చూడటం మేలు. గ్రాఫ్ మీద కుడి బటన్ నొక్కి దాని వెనక పట్టిక తెరిస్తే, బొమ్మలో 44 అని గుండ్రం చేసినది లోపల 43.6 అయ్యుండవచ్చు. తెరవడానికే రాకపోతే అది చాలావరకు ఎక్కడినుంచో తెచ్చి అతికించిన ఫొటో, కొత్త అంకెలు వచ్చినప్పుడు దాన్ని ఎవరూ మార్చి ఉండరు. దాచిన స్లైడ్లూ ఉంటాయి, స్లైడ్ కింద మాట్లాడేవాడు తన కోసం రాసుకున్న నోట్సూ ఉంటాయి. ‘ఇది ప్రతిపాదన మాత్రమే’ అన్న ముక్క తరచుగా ఆ నోట్సులోనే మిగిలిపోతుంది.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. పీపీటీ చేసినవాడి తప్పుకు నాదేం పూచీ, ఉన్నది ఉన్నట్టు రాస్తాను అంటారు కొందరు. ఉన్నది ఉన్నట్టు రాయడం కుదిరితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. మూడు అంకెలుంటే సారాంశంలో ఒకటే పడుతుంది, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక మీదే, పూచీ కూడా అక్కడే మొదలవుతుంది. ఇంకొందరు చివరి స్లైడ్‌లో ఉన్నదే కొత్త అంకె, దాన్నే తీసుకుంటాం అంటారు. మన శ్రీశైలం పీపీటీలో చివర ఉన్నది పాత పటం, 308. వెనక స్లైడ్లు తరచుగా పాత పీపీటీల నుంచి దించుకున్నవే. మధ్యేమార్గంగా సగటు తీద్దామనేవాళ్లకు ఒక్కటే చెబుతాను. 215కూ 263కూ సగటు 239. మన పీపీటీలోని ఏ సర్వేలోనూ లేని అంకె అది. కాస్త బలమైన వాదన టైం లేదన్నది. నిజమే, సాయంత్రానికల్లా పంపాలంటారు. అలాంటప్పుడు అన్ని అంకెలూ చూడక్కర్లేదు. మీ సారాంశంలోకి వెళ్లే అంకెల్ని చూస్తే చాలు. ఒక పేజీలోకి ఆరో ఏడో అంకెలు వెళతాయి. ముందు ఏవి వెళతాయో తేల్చుకుని, ఆ ఆరింటినే పీపీటీ అంతటా వెతకండి. ముప్పై స్లైడ్ల పని కాస్తా ఆరు అంకెల పని అవుతుంది.

ఇక్కడో హద్దు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఈ పరిశీలన అంతా పీపీటీలో ఒక మాటకూ ఇంకో మాటకూ పొత్తు కుదురుతోందా లేదా అని చూడటమే. మొదటి స్లైడ్‌లో తప్పు అంకె వేసి, దాన్నే అన్ని స్లైడ్లకూ నకలు చేసి ఉంటే అన్నీ చక్కగా కలుస్తాయి, ఈ పద్ధతికి చిక్కవు. మరీ చక్కగా కలిసిన పీపీటీలో ఒకటి రెండు ముఖ్యమైన అంకెల్ని అసలు కాగితంతో, అంటే జీవోతోనో సర్వే నివేదికతోనో పోల్చాలి. కొన్ని తేడాలకు ప్రశ్న కూడా దొరకదు. పోతిరెడ్డిపాడు పాత సామర్థ్యం ఒకచోట 11,150, మరోచోట 11,500 అని అచ్చులో కనిపిస్తూ వచ్చింది. కాలం ఒకటే, కొలత ఒకటే. ఇక్కడ పీపీటీ చేసినవారికి ఫోన్ చేసి అడగాలి. అడిగేటప్పుడు ‘మీ పీపీటీలో తప్పుంది’ అనకండి. ‘సార్, నాలుగో స్లైడ్‌లో ఇలా, పన్నెండులో ఇలా ఉంది, రెండింటికీ ఆధారం ఏ కాగితం?’ అని అడగండి. తప్పన్నప్పుడు మనుషులు సమర్థించుకుంటారు, కాగితం అడిగినప్పుడు వెతుకుతారు. సాయంత్రంలోగా జవాబు రాకపోతే, రెండు అంకెలూ ఒప్పుకునే మాట రాయండి. ‘మొదట్లో సుమారు 11 వేల క్యూసెక్కులుగా ఉన్న పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 2005 ఉత్తర్వు ప్రకారం 44 వేలకు పెంచారు. దాన్ని 80 వేలకు పెంచాలని 2020 మేలో ప్రతిపాదించారు’ అంటే అందులో ప్రతి ముక్కా నిలబడుతుంది. ఆ పక్కనే ‘పాత సామర్థ్యం కచ్చితమైన అంకె కోసం అడిగాం, జవాబు రావాలి’ అని ఒక వరస చేర్చి పంపించండి.